నాలుగు పేజీల బయోడేటా, రెండు నిమిషాల పరిచయం

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతులో టెన్షన్ విన్నాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. అందుకే పొద్దున్నే కాఫీ తాగి ఈ ఉత్తరానికి కూర్చున్నాను. వచ్చే వారం మీ డిపార్ట్‌మెంట్ సెమినార్లో అతిథిని పరిచయం చేసే పని నీకు అప్పగించారు. ఆవిడ పంపిన బయోడేటా నాలుగు పేజీలుంది. మీ ప్రిన్సిపాల్ గారేమో రెండు నిమిషాలు దాటొద్దన్నారు. ఏది చెప్పాలో, ఏది వదలాలో తేలడం లేదన్నావు. మాటల్లో ఆప్యాయత ఎక్కడి నుంచి తేవాలనీ అడిగావు.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఈ పనే నాకూ వచ్చింది. వదిలేస్తే ఆయనకు అగౌరవమేమోనన్న భయంతో అతిథి బయోడేటా అంతా చదివాను. తొమ్మిది నిమిషాలు పట్టింది. జ్యోతి ప్రజ్వలన, ఇద్దరు పెద్దల ప్రసంగాలు అప్పటికే ఆయన సమయాన్ని సగం తినేశాయి. నేను చదువుతుంటే ఆయన పక్కనే కూర్చుని ఒళ్లో ఉన్న, ప్రొజెక్టర్ మీద పెట్టి చూపించే ఓహెచ్‌పీ షీట్లు ఒక్కొక్కటే బయటికి తీస్తున్నారు. ఏదో సర్దుకుంటున్నారు అనుకున్నాను. తీరా చూస్తే, సమయం చాలదని నాలుగు షీట్లు పక్కన పెట్టేశారు. మా పిల్లలు ఏ ప్రయోగం గురించి వినాలని వచ్చారో అది ఆ నాలుగు షీట్లలోనే ఉంది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లలో నేను ఎన్నో పరిచయాలు చేశాను, ఆ షీట్లు మాత్రం మర్చిపోలేదు.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒక్కటే. బయోడేటా ఆ మనిషి జీవితమంతటికీ సంబంధించింది. పరిచయం ఆ గంటకు మాత్రమే సంబంధించింది. కాబట్టి కాగితం ముందు పెట్టుకుని ప్రతి వాక్యానికీ ఒకే ప్రశ్న వేసుకో: ఈ హాల్లో కూర్చున్నవాళ్లు, ఈ అంశం మీద, ఈవిడ మాటే ఎందుకు వినాలి? దానికి జవాబిచ్చే వాక్యం ఉంటుంది, మిగతావి ఎంత గొప్పవైనా ఆగిపోతాయి.

మా ఎమ్మెస్సీ పిల్లలకు దీన్ని నేర్పడానికి నేనొక అభ్యాసం పెట్టేదాన్ని. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇప్పుడు బతికి ఉండి మన సెమినార్‌కు వచ్చారనుకోండి, పరిచయం చేయండి అనేదాన్ని. ఆయన బయోడేటా ఎంత బరువో నీకు తెలుసు కదా. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చారు. కండరాల శక్తికి సంబంధించి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాల మీద పని చేశారు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఫోలిక్ యాసిడ్ తయారీ, డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్, బోదకాలుకు డీఈసీ అనే మందు. ఇందులో ఏ ఒక్కటి వదలాలన్నా చేయి రాదు. పిల్లలు మొదటిసారి అన్నీ కలిపి రాసుకొచ్చేవాళ్లు. అది చదివితే మందుల షాపు చిట్టాలా ఉండేది, మనిషి కనిపించేవాడు కాదు.

అప్పుడు వినేవాళ్లను మార్చేదాన్ని. ఎదురుగా బయోకెమిస్ట్రీ విద్యార్థులుంటే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఒక్కటి చాలు. ల్యాబ్‌లో మీరు టెస్ట్‌ట్యూబ్‌లో చూసే ఆ నీలం రంగు వెనక ఉన్న మనిషి ఈయనే అంటే వాళ్లు నిటారుగా కూర్చుంటారు. క్యాన్సర్ డాక్టర్లుంటే అమినోప్టెరిన్. భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలుంటే డీఈసీ. ఈ మూడోదే పూర్తిగా రాసి చూపిస్తాను.

“అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్న మనలో చాలామంది ఇల్లిల్లూ తిరిగి డీఈసీ మాత్రలు మింగించినవాళ్లమే. బోదకాలుతో నడవలేని మనిషిని మన వీధిలోనే చూసినవాళ్లం. ఆ మాత్ర ఎలా పుట్టిందో చెప్పడానికి ఇవాళ ఒక పెద్దాయన వచ్చారు. ఆయన పుట్టింది ఈ భీమవరంలోనే. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, లెడర్లీ లేబొరేటరీస్‌లో పరిశోధన విభాగాన్ని నడిపించారు. మన చేతిసంచిలో ఉండే ఆ డీఈసీ, ఆయన బృందం వెలికితీసిన మందు. ‘మాకు జబ్బే లేదు, మాత్రెందుకు?’ అని మనల్ని గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పాలో ఆయన్ని అడగాలని నేనూ ఎదురుచూస్తున్నాను. ‘ఒక మందు పుట్టుక’ అనే అంశం మీద మాట్లాడటానికి సొంతూరికి వచ్చిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఆప్యాయంగా స్వాగతం.”

ఇది వంద మాటల లోపే. నేను నిదానంగా చదివితే నిమిషం పావు పడుతుంది. రెండు నిమిషాలన్నారని రెండు నిమిషాలకూ సరిపడా రాయొద్దు. మైకు దగ్గరికి నడవడం, చప్పట్లు, మధ్యలో నువ్వు ఊపిరి పీల్చుకోవడం, అన్నీ ఆ లెక్కలోనివే.

ఇందులో పేరు చివర రావడం చూశావా? పేరు మొదట్లోనే చెప్పేస్తే చప్పట్లు అప్పుడే అయిపోతాయి, తర్వాత నువ్వు చెప్పేది ఎవరూ వినరు. పేరు చివర వస్తే, జనం చప్పట్లు కొడుతుండగా ఆయన లేచి మైకు దగ్గరికి వస్తారు, మధ్యలో ఖాళీ ఉండదు. పేరు తర్వాత ఇంకొక్క మాట కూడా కలపకు. ఇంకో సంగతి, మందు ఎలా పనిచేస్తుందో నేను చెప్పలేదు. అది చెప్పాల్సింది ఆయన. పరిచయం చేసేవాళ్లు అంశాన్ని కూడా వివరించేస్తే, వక్త తన మొదటి ఐదు నిమిషాల మాటలు అప్పటికప్పుడు మార్చుకోవాల్సి వస్తుంది.

ఆప్యాయత ఎక్కడి నుంచి తేవాలని కదా నువ్వడిగింది. ఎల్లలు దాటిన మేధావి, అసామాన్య ప్రతిభాశాలి లాంటి మాటల్లోంచి అది రాదు. అవి ఎవరికైనా అతుకుతాయి, పైగా ఎదుటి మనిషి అంత ఎత్తు నుంచి కిందికి దిగి మాట్లాడటానికి ఇబ్బంది పడతారు. గుమ్మం దగ్గర ఆపేసేవాళ్ల గురించి చెప్పిన ఆ వాక్యంలో ఆప్యాయత ఉంది. ఎందుకంటే అది వినేవాళ్ల రోజువారీ కష్టం, దాన్ని తీసుకెళ్లి అతిథి చేతిలో పెట్టాం. నీకూ అలాంటిది ఒకటి కావాలి. ఆవిడ పేపర్ చదివి మీ పిల్లలెవరైనా ఒక ప్రశ్న అడిగారా? ఆవిడ రాసిన పద్ధతిని మీ ల్యాబ్‌లో ఎప్పుడైనా వాడారా? జరిగినదైతేనే చెప్పు. లేకపోతే నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న ప్రశ్న ఒకటి చెప్పు, చాలు.

ఇక్కడ కాస్త జాగ్రత్త. సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తర్వాత ఆయన పనిచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకే మందయింది. మా క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ సంగతితోనే పరిచయం మొదలుపెట్టేవాళ్లు, వింటే కళ్లు చెమర్చేవి కూడా. అయినా నేను కొట్టేయమనేదాన్ని. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయన ఇంట్లో చావును మనం మైకులో చెప్పకూడదు. అది చెప్పాలో వద్దో ఆయన ఇష్టం. మీ అతిథి విషయంలోనూ ఆరోగ్యం, పెళ్లి, పిల్లలు, వయసు ఆవిడ తానుగా చెప్పమంటే తప్ప ఎత్తకు. ఆడవాళ్లను పరిచయం చేసేటప్పుడు ‘ఇంటినీ ఉద్యోగాన్నీ సమర్థంగా నడుపుతూ’ అనే మాట ఎలాగో వచ్చేస్తుంది. మగ వక్తకు అది ఎవరూ అనరు, ఆవిడకూ వద్దు.

ఈ రెండు మూడు రోజుల్లో ఆవిడకు ఒకసారి ఫోన్ చేయి. ఐదు నిమిషాల పని. ముందు పేరు ఎలా పలకాలో అడుగు. మనవాళ్ల ఇంటిపేర్లు ఇంగ్లీషులో రాస్తే దీర్ఘమేదో, హ్రస్వమేదో తెలియదు. పైగా కొందరు ఇంటిపేరుతో పిలిపించుకుంటారు, కొందరికి అది అస్సలు ఇష్టం ఉండదు. ఆవిడ పలికినట్టే తెలుగు అక్షరాల్లో కార్డు మీద రాసుకో. తర్వాత ఇప్పుడున్న హోదా అడుగు. బయోడేటాలు పాతబడిపోతాయి. అసోసియేట్ ప్రొఫెసర్ అని ఉన్నావిడ రెండేళ్ల కిందటే ప్రొఫెసర్ అయి ఉండొచ్చు, సభలో తక్కువ హోదా చెబితే ఆవిడ దిద్దలేక నవ్వి ఊరుకుంటారు. చివరగా, ‘మా పిల్లలు మీ గురించి ఒక్క సంగతి తెలుసుకుని మీ మాట వినాలంటే ఏది చెప్పమంటారు?’ అని అడుగు. నువ్వు నాలుగు పేజీల్లో వెతుకుతున్నది చాలాసార్లు ఆ జవాబులోనే దొరుకుతుంది. ఆవిడకు గర్వంగా అనిపించేది అవార్డుల జాబితాలో ఉండకపోవచ్చు.

ఆ రోజు కాగితాల కట్ట పట్టుకుని ఎక్కకు. పోస్ట్‌కార్డంత అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసుకో. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠతా ఉండాలి, ఆ రెండూ పిల్లల కళ్లలోకి చూస్తూ చెప్పాలి. చివర పేరు చెప్పేటప్పుడు ఆవిడ వైపు తిరుగుతావు కదా, అప్పుడు నోరు మైకుకు దూరమై అసలు పేరే వినపడకుండా పోతుంది. పేరు పూర్తిగా మైకులో చెప్పాకే తిరుగు. ఆవిడ వచ్చేదాకా అక్కడే నిలబడి, మైకు ఆవిడ ఎత్తుకు సరిచేసి, అప్పుడు పక్కకు తప్పుకో. శాలువా, జ్ఞాపిక ప్రసంగం తర్వాత పెట్టమని ఇప్పుడే మీ హెడ్‌తో మాట్లాడుకో. పరిచయానికీ ప్రసంగానికీ మధ్య ఫొటోల కోసం అందరూ స్టేజీ ఎక్కితే నువ్వు కూడగట్టిన శ్రద్ధంతా చెదిరిపోతుంది.

ముందు మాట్లాడినవాళ్లు ఆలస్యం చేసి, నీ వంతు వచ్చేసరికి ఒక్క నిమిషమే మిగలొచ్చు. అప్పుడు తొందరగా చదవకు. ఏ వాక్యాలు వదిలేయాలో ముందే పెన్సిల్‌తో గీత గీసి ఉంచుకో. పైన నేను రాసిన దాంట్లో అయితే మద్రాసు చదువు, అమెరికా వెళ్లడం ఉన్న వాక్యం తీసేస్తాను. డీఈసీ వాక్యం, గుమ్మం వాక్యం, పేరు మాత్రం ఉంచుతాను.

ఆవిడతో మాట్లాడి రాసుకున్నాక, గురువారం రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి చదివి వినిపించు. మీ పెదనాన్న గడియారం పట్టుకుని పక్కన కూర్చుంటానన్నారు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ