స్టాకు ఆడిట్‌లో శాంపిల్‌ను రూపాయిల లెక్కన ఎంచడం

ప్రశ్న: మా ఆటో విడిభాగాల గోడౌన్‌లో 9,000 రకాల సరుకు ఉంది. అన్నీ లెక్కపెట్టకుండా, కొన్నింటినే చూసి స్టాకు విలువ సరిగ్గా ఉందని ఆడిటర్ ఎలా చెప్పగలరు?

జవాబు: విడిభాగాల వ్యాపారుల స్టాకును నేను చాలాకాలంగా ఆడిట్ చేస్తున్నాను. ఇలాంటి చోట 9,000 రకాల నుంచి చీటీ తీసినట్టు కొన్నింటిని ఎంచితే ఎక్కువగా నట్లు, వాషర్లే వస్తాయి, అసలు డబ్బున్న సరుకు చూడకుండానే మిగిలిపోతుంది. అందుకే శాంపిల్‌కు రూపాయినే యూనిట్‌గా తీసుకుంటాం. ప్రతి రూపాయికీ సమాన అవకాశం ఉంటుంది కనుక, స్టాకు షీటులో 4 లక్షల రూపాయల విలువైన గేర్‌బాక్సుల వరుసకు 40 వేల రూపాయల విలువైన బేరింగుల వరుస కంటే పది రెట్లు ఎక్కువ అవకాశం వస్తుంది.

సులువుగా అర్థమయ్యే అంకెలతో చెబుతాను. స్టాకు విలువ 7.2 కోట్లు, మనం సహించగల తప్పు 30 లక్షలు అనుకుందాం. 95 శాతం నమ్మకానికి గుణకం 3. తప్పులేవీ ఉండవనుకుంటే 30 లక్షలను 3తో భాగించి ప్రతి 10 లక్షలకు ఒక రూపాయిని ఎంచవచ్చు, కానీ అప్పుడు ఒక్క చిన్న తప్పు దొరికినా పరిమితి దాటిపోతుంది. అందుకే నేను ఎంపికల మధ్య విరామాన్ని 8 లక్షలకు తగ్గిస్తాను. 8 లక్షలు మించిన వరుసలు మొత్తం 1.2 కోట్లయితే వాటిని పూర్తిగా లెక్కపెడతాం. మిగిలిన 6 కోట్లకు 75 ఎంపికలు వస్తాయి. స్టాకు షీటులో కూడుతూ పోయే మొత్తం కాలమ్ వేసి, యాదృచ్ఛికంగా 3,15,000వ రూపాయితో మొదలుపెడితే, తర్వాతిది 11,15,000వ రూపాయి. ఆ రూపాయి ఏ వరుసలో పడితే ఆ వరుస సరుకంతా లెక్కపెట్టి, ధరను కొనుగోలు బిల్లుతో సరిచూస్తాం.

ఒక వరుసలో వెయ్యి రూపాయల బేరింగులు 40 అని రాసి ఉంది, అట్టపెట్టెలన్నీ విప్పితే 30 ఉన్నాయి. ఇక్కడ చాలామంది యజమానులు ఆ 10 వేలు సరిచేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. 40 వేలలో 10 వేలంటే 25 శాతం, ఆ వరుస 8 లక్షల విరామానికి ప్రతినిధి, కాబట్టి అంచనా తప్పు 2 లక్షలు. స్టాకులో ఉండగల తప్పుకు గరిష్ఠ పరిమితి కట్టేటప్పుడు, తప్పులేవీ లేకున్నా ఉండే 24 లక్షలకు, అంటే 8 లక్షల విరామానికి 3 రెట్లకు, మొదటి తప్పు గుణకం 1.75 కనుక ఆ 2 లక్షల 1.75 రెట్లు కలిపితే 27.5 లక్షలు. ఇది 30 లోపే కనుక విలువను అంగీకరించవచ్చు. అలాంటిదే రెండోది దొరికితే దాని గుణకం 1.55, మొత్తం 30.6 లక్షలవుతుంది. అప్పుడు కారణం వెతికి శాంపిల్ పెంచాలి, లేదా ఆ విభాగమంతా మళ్లీ లెక్కపెట్టించాలి.

ఈ పద్ధతి ఎక్కువ చేసి చూపిన విలువనే బాగా పడుతుంది. షీటులో తక్కువగా రాసిన సరుకుకు అవకాశం తగ్గుతుంది, అసలు రాయని సరుకుకు అవకాశమే లేదు. అందుకని అరల మీద నుంచి కొన్ని సరుకులు తీసుకుని అవి షీటులో ఉన్నాయో లేదో వెనక్కి చూస్తాను.