‘సరే’ తర్వాత చుక్క

సందేహం: సార్, నేను తెలుగు పంతులుగా చేసి రిటైరైన. బిడ్డ హైదరాబాద్‌ల నౌకరి చేస్తది. వాట్సప్‌ల ఆమెకు ‘సరే.’ అని పెడితే ‘కోపమొచ్చిందా నాన్నా’ అని ఫోన్ చేస్తది. మా చెల్లె మాటమాటకు మూడు చుక్కలు పెడ్తది, అది చూసి ఆమె కొడుకు పరేషాన్ అయితడు. వాక్యం చివర చుక్క పెట్టుమని ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన. ఇప్పుడది తప్పయిందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ

సమాధానం: తప్పు కాలేదు. కాగితం మీద మీరు చెప్పిందే ఇవాళ్టికీ నియమం. ఫోన్లో ఆ చుక్కకు చేయడానికి పని లేకుండా పోయింది, తేడా అక్కడుంది.

పుటలో చుక్క ఎందుకు పెడతాం? ఒక వాక్యం ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో కంటికి తెలియాలని. ఫోన్లో ఆ పని ‘పంపు’ మీట చేసేస్తుంది. మాట ఓ గడిలో పడి, కింద టైమ్ కూడా పడుతుంది. ముగిసిందని వేరే చెప్పనక్కర్లేదు. పైగా తెలుగుకు చుక్క అవసరం మొదటినుంచీ తక్కువే. మన వాక్యం మామూలుగా సమాపక క్రియతో ఆగుతుంది. ‘వచ్చిండు’ అన్నామంటే వాక్యం అయిపోయినట్టే, ‘వచ్చి’ అన్నామంటే ఇంకా ఉన్నట్టే. తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ కూడా వదలకుండా రాసినా చదవగలిగారంటే ఈ కట్టుబాటు కొంత కారణం. పద్యం చివర నిలువు గీతలుండేవి గాని, ఈ చుక్క అచ్చుతోపాటు ఇంగ్లిషు నుంచి వచ్చింది. బాలవ్యాకరణంలో విరామ చిహ్నాలకు ఒక పరిచ్ఛేదమంటూ లేదు.

అవసరం లేనిచోట ఒక గుర్తు కనబడితే, చదివేవాళ్లు దానికి ఇంకో అర్థం వెతుకుతారు. అమెరికాలోని బింగమ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 126 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించి 2015లో ఫలితం ప్రకటించారు. ఒక పిలుపు, దానికి ఒకే మాటలో జవాబు. అదే జవాబు కొందరికి చుక్కతో, కొందరికి చుక్క లేకుండా చూపించారు. ఫోన్ సందేశంలో చుక్క ఉన్న జవాబు మనస్ఫూర్తిగా అన్నట్టు లేదని ఎక్కువగా అనిపించింది. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఆ తేడా రాలేదు. అయితే అది ఇంగ్లిషు సంగతి, కాలేజీ పిల్లల సంగతి, తేడా కూడా కొండంత ఏమీ కాదు. చుక్క పెట్టిన ప్రతివాడూ కోపిష్టి అని దాన్నుంచి తేల్చడానికి లేదు.

ఇక మీ ఇంటి సంగతి. బిడ్డ ఇట్లా రాసిందనుకోండి:

‘నాన్నా ఈ ఆదివారం వస్తలేను ఆఫీసుల పనున్నది’
‘సరే.’

‘నాన్నా పైసలు పంపిన’ అన్నదానికి కూడా మీరు అదే ‘సరే.’ పెట్టి ఉంటారు. అప్పుడామె ఫోన్ చేసి ఉండదు. రానని చెప్పినప్పుడు తండ్రికి చిన్నబోయినట్టుంటుందని ఆమెకు ముందే తెలుసు, ఆ జంకుతోనే జవాబు కోసం చూస్తుంది. నోటితో అయితే ‘సరే’ని కొంచెం సాగదీసి అంటే ఒప్పుకున్నట్టు, తుంచి అంటే ముఖం తిప్పుకున్నట్టు. అక్షరంలో ఆ సాగు వినబడదు. చుక్క ఉంటే తుంచినట్టే వినబడుతుంది. ‘ఆదివారం కాకుంటే పై వారం రా. అమ్మకు నేను చెప్త.’ అని రాస్తే మాత్రం అందులోని రెండు చుక్కలూ ఎవరినీ నొప్పించవు. వాక్యాలు రెండున్నాయి, మొదటి చుక్కకు పని ఉంది, దాని వెంట రెండోదీ కలిసిపోతుంది. కాబట్టి చూడాల్సింది ఒంటిమాట జవాబుల చివరి చుక్కను.

చుక్క తీసేసినంత మాత్రాన మెత్తబడుతుందనీ కాదు. ‘సరే తియ్’ అంటే చుక్క లేకున్నా మన దగ్గర అది అలిగిన మాటే. ‘సరే బిడ్డా’ అంటే చుక్క ఉన్నా కోపం కనబడదు. వరుస పెట్టి పిలిచే అలవాటు మన భాషలో ఇంత బలంగా ఉండగా, చుక్కను పట్టుకుని తండ్రీబిడ్డలు పంచాయితీ పెట్టుకోవడం నాకు కొంచెం విడ్డూరంగానే ఉంది. ఇంకొకటి, ఎప్పుడూ చుక్క పెట్టేవారు పెడితే దానికి అర్థముండదు. ఎప్పుడూ పెట్టనివారు ఓ రోజు పెడితే ఉంటుంది. మీ పాత సందేశాలు పైకి జరిపి చూడండి. ‘సరే’ ఒకరోజు చుక్కతో, ఒకరోజు చుక్క లేకుండా ఉంటే మీ అమ్మాయి తికమకకు కారణం అదే.

మీ చెల్లెలి చుక్కలది వేరే లెక్క. ఇన్‌లాండ్ లెటర్లు రాసిన తరం వాళ్లు చోటు చాలక ఒక సంగతి నుంచి ఇంకో సంగతికి పోవడానికి అడ్డగీతో, చుక్కలో పెట్టేవారు. అదే చెయ్యి ఇప్పుడు ఫోన్ మీద ఆడుతోంది. ‘దవాఖానకు పోయొచ్చిన... డాక్టర్ చూసిండు... గోలీలు రాసిండు...’ ఆమె వరకు అవి ఊపిరి తీసుకునే జాగాలు. కొడుక్కు మాత్రం ఆ చుక్కలంటే చెప్పకుండా దాచిన మాట. దీన్ని తేల్చడానికి క్రియే ఆధారం. ‘వద్దామనుకున్న గాని...’ అన్నచోట వాక్యమే వేలాడుతోంది, చుక్కలు ఉన్నదాన్నే చూపిస్తాయి. ‘గోలీలు రాసిండు’ దగ్గర క్రియ ముగిసింది. ముగిసిన క్రియ తర్వాత చుక్కలు సాగితే ‘ఇంకేదో ఉంది’ అనిపిస్తుంది. అందులోనూ మధ్యలోవి పర్వాలేదు, తర్వాతి మాట వచ్చి వాటిని సర్దేస్తుంది. ఆఖరి మూడు చుక్కల తర్వాత ఏమీ రాదు, పిల్లాడి పరేషానంతా అక్కడే. ఆ మూడు తీసేసి ‘ఏం భయం లేదన్నడు’ అని ఒక్క ముక్క చేర్చమనండి.

అసలు ఏ గుర్తూ పెట్టకపోతే తెలుగులో నష్టం తక్కువే. ప్రశ్నకు ‘వస్తవా’, ‘తిన్నవా’ అని చివరి దీర్ఘమే చాలు. ఇబ్బంది కామా దగ్గర వస్తుంది. కాజీపేట స్టేషన్లో నిలబడ్డ మిత్రుడు ‘ఇంక ఆగాల్నా’ అని అడిగితే ఇటునుంచి ‘vaddu ra’ అని పోయింది. ‘వద్దురా’ అంటే ఆగకు అని మాత్రమే, ఇంటికి పోవాలో ఇటు రావాలో చెప్పలేదు. ‘వద్దు, రా’ అంటే ఇటు రమ్మని పిలుపు. తెలుగు లిపిలో కలిపి రాయడం, విడదీయడం కొంత కాపాడుతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో అందరూ విడదీసే కొడతారు కాబట్టి అక్కడ కామా తప్పదు.

పెద్దక్షరాల గురించి మీరడగలేదు గాని, ఒక మాట. మన లిపిలో అవి లేవు, కాబట్టి తెలుగు లిపిలో ఆ అరుపూ లేదు. గొంతు పెంచాలంటే పిల్లలు ‘వద్దుుుు’ అని కొమ్ములు గుచ్చుతారు, కొన్ని ఫోన్లలో అవి చుక్కల సున్నాలుగా విచ్చిపోతాయి. ఇంగ్లిషు అక్షరాల్లో ‘NENU RANU’ అంటే అరిచినట్టే. ‘Ok’లో మొదటి అక్షరం పెద్దది కావడం మాత్రం చాలాసార్లు ఫోన్ పనే, దానికి భావం అంటగట్టకండి. చుక్క కూడా అట్లా పడవచ్చు. చాలా ఫోన్లలో స్పేస్ వెంటవెంటనే రెండుసార్లు తగిలితే చుక్క దానంతటదే పడుతుంది. ‘సరే’ కొట్టాక మీ బొటనవేలు ఎక్కడ ఆగుతోందో ఒకసారి చూసుకోండి. కీబోర్డు సెట్టింగుల్లో ఆ ఏర్పాటును ఆపేయవచ్చు.