కోర్టులో ఫైన్ కట్టినా లైసెన్సు రాకపోతే

“బ్రీత్ టెస్టులో 42 వచ్చింది. కోర్టులో ఫైన్ కట్టేశాను. మొదటిసారే. లైసెన్సు ఎందుకు ఇవ్వట్లేదు?”

కోర్టు శిక్ష, లైసెన్సుపై చర్య వేర్వేరు కావడమే కారణం. మెషీన్ ఊపిరిలోని ఆల్కహాల్‌ను కొలిచి 100 మిల్లీలీటర్ల రక్తానికి లెక్కగట్టి చూపుతుంది. పరిమితి 30 మిల్లీగ్రాములు. దాటి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

1. పోలీసులు తీసుకున్న లైసెన్సు ఆర్టీవోకు వెళ్తుంది. అక్కడ మొదటిసారికి మూడు నెలల అనర్హత విధించవచ్చు, మళ్లీ దొరికితే రద్దు చేయవచ్చు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఉత్తర్వుకు ముందు మీ వాదన వినాలి. నోటీసు పాత చిరునామాకు పోయిందేమో ఆర్టీవోలో కనుక్కొని, మెషీన్ స్లిప్పు, కోర్టు రసీదు జతచేసి లిఖితపూర్వకంగా జవాబివ్వండి.

3. అనర్హత కాలంలో బండి నడపడం మరో నేరం.