రూ బరువు వేరు, మైదా బరువు వేరు

చిన్నీకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పరీక్ష పేపర్ ఫోటో రెండుసార్లు చూశాను. సాసుల పేర్లన్నీ సరిగ్గానే రాశావు. మార్కులు పోయింది లెక్కల్లో, అదీ మూడు చోట్ల కొలత పొరపాటు వల్ల. అందుకే ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను. పక్కన కాగితం పెట్టుకుని చదువు.

మొదటి ప్రశ్నే తీసుకుందాం. మధ్యస్థ చిక్కదనంతో బెషమెల్ అనే పాల సాసు కావాలి, పాలు 4 లీటర్లు, దాన్ని చిక్కబరిచే రూ అనే ముద్ద లీటరుకు 120 గ్రాములు, వెన్న ఎంత, మైదా ఎంత అని అడిగారు. నువ్వు వెన్న 480, మైదా 480 అని రాశావు. 120ని 4తో గుణించడం సరైనదే. కానీ వచ్చిన 480 గ్రాములు రూ మొత్తం బరువు. రూ అంటే వెన్న, మైదా కలిపి వేయించిన ముద్ద కదా. రెండూ సమానం కాబట్టి వెన్న 240, మైదా 240. నువ్వు చెప్పిన కొలతతో చేస్తే లీటరుకు 240 గ్రాముల రూ పడుతుంది. చిక్కటి సాసుకే లీటరుకు 180 గ్రాములు చాలు. నీది గరిటెలోంచి జారదు, చల్లారితే ముద్దగా బిగుసుకుంటుంది. సరైన మధ్యస్థ బెషమెల్‌లో చెంచా ముంచి తీస్తే వెనకవైపు పలుచటి పొర అంటుకోవాలి. ఆ పొర మీద వేలితో గీస్తే గీత చెరగకుండా నిలవాలి.

లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నలో ఇచ్చిన అంకె కింద రూ అనో మైదా అనో రాసుకో. పుస్తకాలు ఈ విషయంలో ఒకేలా ఉండవు. కొన్ని రూ మొత్తం బరువు ఇస్తాయి, కొన్ని లీటరుకు వెన్న 100, మైదా 100 అని విడివిడిగా ఇస్తాయి. ఆ రెండోది మన 60-60 కంటే బాగా చిక్కన. రెండూ తప్పు కాదు, అవి చేసే సాసు చిక్కదనమే వేరు. ప్రశ్నలో అంకె ఇవ్వకపోతే మీ సిలబస్ పుస్తకంలోదే రాయి. పక్కన 'లీటరు పాలకు' అని తప్పకుండా పెట్టు.

సమానం అంటే తూకంలో సమానం, కప్పుల్లో కాదు. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక హోటల్ కిచెన్‌లో తూకం మెషిన్ పాడైంది. మా సీనియర్ కప్పుతో కానిచ్చేయమన్నాడు. కప్పు మైదా దాదాపు 125 గ్రాములు తూగుతుంది. కప్పు కరిగించిన వెన్న 225కి అటూ ఇటూ ఉంటుంది. కప్పుకు కప్పు వేసేసరికి కొవ్వు రెట్టింపుకు దగ్గరైంది. సాస్ దించాక పైన పసుపు రంగు నూనె తేలింది. ఎంత విస్క్ చేసినా కలవలేదు, ఎందుకంటే పట్టుకోవడానికి అక్కడ తగినంత పిండి లేదు. పరీక్షలో 'సాస్ మీద కొవ్వు తేలడానికి కారణం' అని అడిగితే ఈ సంగతి గుర్తు తెచ్చుకో.

ఇక రెండో తప్పు, కార్న్‌ఫ్లోర్ ప్రశ్న. లీటరుకు 120 గ్రాముల రూ బదులు కార్న్‌ఫ్లోర్ ఎంత అంటే 60 అని రాశావు. కార్న్‌ఫ్లోర్‌కు మైదా కంటే దాదాపు రెండింతల చిక్కబరిచే శక్తి ఉంది, సగం చాలు అన్న సూత్రం నీకు తెలుసు. కానీ సగం చేయాల్సింది మైదాని, రూని కాదు. 120 గ్రాముల రూలో మైదా 60, దానిలో సగం 30. జవాబు 30 గ్రాములు. వెన్న చిక్కదనం ఇవ్వదు. పిండి రేణువులు ఒకదానికొకటి అంటకుండా విడదీసి పెట్టడమే దాని పని. కారణం కూడా ఒక వాక్యంలో రాయి: మైదాలో స్టార్చ్‌తో పాటు ప్రొటీన్ కూడా ఉంటుంది, కార్న్‌ఫ్లోర్ దాదాపు పూర్తిగా స్టార్చే.

కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్లలో కలిపి పోయాలని ఎందుకంటారో నీకు ఇంట్లోనే తెలుసు. మజ్జిగ పులుసులోకి అమ్మమ్మ శనగపిండిని చల్లటి నీళ్లలోనే కలిపేది. మరిగే నీళ్లలో పొడి పిండి పడితే బయటి పొర వెంటనే ఉడికి జిగురవుతుంది. లోపలి పిండికి నీళ్లు అందవు, అదే ఉండ. రూకి కూడా ఇదే కారణం. వేడి రూలోకి చల్లటి పాలు, లేదా చల్లారిన రూలోకి వేడి పాలు, కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. రెండూ సలసలమంటుంటే ఉండ కట్టే ప్రమాదం. తర్వాత చిన్న మంట మీద కనీసం ఇరవై నిమిషాలు ఉడకనివ్వాలి. లేకపోతే పచ్చి పిండి రుచి నాలుకకు తగులుతుంది.

మూడోది బ్రౌన్ రూ. తెల్ల రూకి, బ్రౌన్ రూకి ఒకే కొలత రాశావు. పిండిని ఎర్రగా, వేయించిన వేరుశనగల్లాంటి వాసన వచ్చేదాకా వేయిస్తే స్టార్చ్‌లో కొంత భాగం విరిగి డెక్స్ట్రిన్‌గా మారుతుంది. డెక్స్ట్రిన్‌కు చిక్కబరిచే బలం తక్కువ. అందుకే బ్రౌన్ రూతో చేసే ఎస్పాన్యోల్ సాసు అంతే చిక్కగా రావాలంటే రూ ఎక్కువ పడుతుంది. కొన్ని పుస్తకాలు బ్రౌన్ రూలో 50 గ్రాముల కొవ్వుకు 60 గ్రాముల మైదా అని పెట్టడం కూడా చూస్తావు. సమానం అన్న మాట అక్కడ కాస్త సడలుతుంది. రంగు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని రాస్తే చాలు, మరీ మాడితే చేదు కూడా.

మిగతా సాసులకు మూలమైన మదర్ సాసులు ఎన్ని అన్న ప్రశ్నకు చాలామంది తడబడతారు. పాతకాలపు ఫ్రెంచ్ షెఫ్ కరేమ్ నాలుగు చెప్పాడు: ఎస్పాన్యోల్, వెలూటే, అలెమాండ్, బెషమెల్. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఐదు: బెషమెల్, వెలూటే, ఎస్పాన్యోల్, టొమాటో, హోలండేజ్. మన నోట్సులు కొన్నింటిలో మయోనైజ్‌ను కూడా కలిపి ఆరు అంటారు. ప్రశ్నలో సంఖ్య ఉంటే ఆ సంఖ్య ప్రకారమే రాయి.

ఆ ఐదింటిలో రూ లేనిది ఏది అని అడిగితే హోలండేజ్ అని రాయి. అది గుడ్డు పచ్చసొన పట్టి ఉంచిన వెన్న ఎమల్షన్, స్టార్చ్‌తో సంబంధం లేదు. టొమాటో సాస్ దగ్గర జాగ్రత్త. పాత పద్ధతిలో దానికీ రూ ఉంది, ఇప్పుడు చాలాచోట్ల గుజ్జుతోనే చిక్కబడుతుంది. మీ పుస్తకం ఏ పద్ధతి చెప్పిందో ఆదివారం లోపు చూసి పెట్టుకో.

ఆదివారం అమ్మను అడిగి అర లీటరు పాలు తీసుకో. వెన్న 30, మైదా 30 మెషిన్ మీద తూచి చేసి, ఒక చెంచా వెనక్కి తిప్పి ఫోటో పంపు. ఇంకో అర లీటరు నువ్వు పేపర్లో రాసిన కొలతతో, అంటే 60, 60తో చేసి అదీ పంపు. రెండు చెంచాల మీదా వేలితో గీసి మరీ ఫోటో తియ్యి.

మీ మావయ్య