సైన్ గ్రాఫులో మొదలు ఎక్కడ?

ప్రశ్న: మేము మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి సెకండ్ పీయూ చదువుతోంది, ఈసీఈ చేయాలంటోంది. సైన్ గ్రాఫ్ చూసి సమీకరణం రాయమంటే ఫేజ్ షిఫ్ట్ దగ్గరే తప్పు పోతోంది. ఆమె చేసిన లెక్క ఒకటి జతచేశాను. వేరే బ్రాంచి చూసుకోమని చెప్పాలా?

జవాబు: ఈ ఒక్క కారణానికి బ్రాంచి మార్చనవసరం లేదు. అయితే తప్పు ఎక్కడ మొదలైందో ఇప్పుడే చూడాలి, ఎందుకంటే ఈసీఈ ల్యాబులో ఆసిలోస్కోపు తెర మీద మొదటి ఏడాది చేసే పని దాదాపు ఇదే.

మీరు పంపిన గ్రాఫ్ t = 3 దగ్గర 5 వరకు లేచి, t = 7 దగ్గర −1 వరకు దిగుతుంది. ఈ రెండు ఎత్తుల సగటు 2 కనుక మధ్యరేఖ y = 2 అవుతుంది; వాటి తేడా 6 లో సగం, అంటే 3, ఆంప్లిట్యూడ్. శిఖరం నుంచి పక్కనున్న లోయకు అర పీరియడ్ కాబట్టి పీరియడ్ 8, t ముందు గుణకం 2π/8 = π/4. ఇంతవరకు మీ అమ్మాయి సరిగానే చేసింది.

ఆ తరువాత ఆమె అల ఎక్కడ మొదలైందో వెతుకుతూ అడ్డ అక్షం వైపు చూసింది. వక్రం ఆ అక్షాన్ని సుమారు 0.07 దగ్గర దాటుతుంది కాబట్టి షిఫ్ట్ సున్నా అనుకుని y = 3 sin(πt/4) + 2 అని రాసింది. సైన్ అల మొదలును మధ్యరేఖ మీద చూడాలి గాని అడ్డ అక్షం మీద కాదు. అక్షమూ మధ్యరేఖా ఒకటి కావని గ్రాఫే చెబుతుంది: వక్రం అక్షాన్ని 0.07, 5.93, 8.07 ల దగ్గర దాటుతోంది, అంటే ఒక ఎడం సుమారు 5.86, తరువాతిది 2.14. మధ్యరేఖను దాటే చోట్ల మధ్య ఎడాలు ఎప్పుడూ సమానంగా ఉంటాయి. శిఖరానికి పావు పీరియడ్ ముందు, అంటే 3 − 2 = 1 దగ్గర, వక్రం మధ్యరేఖను పైకి దాటుతుంది; షిఫ్ట్ అదే.

ఆమె రెండో ప్రయత్నంలో ఈ 1 దొరికింది కూడా, కానీ దాన్ని y = 3 sin(πt/4 − 1) + 2 అని రాసింది. ఇక్కడ t = 1 పెడితే కోణం సున్నా కాదు; అది సున్నా అయ్యేది t = 4/π, అంటే సుమారు 1.27 దగ్గర. షిఫ్ట్ t నుంచి తీసివేయాల్సిన సంఖ్య కనుక అది π/4 తో పాటు కుండలీకరణం లోపల ఉండాలి:

```
y = 3 sin( (π/4)(t − 1) ) + 2
  = 3 sin( πt/4 − π/4 ) + 2
```

చాలామందిని తికమకపెట్టేది రెండో రూపమే. ఫిజిక్స్ మేడమ్ ఫేజ్ అని π/4 ను చూపిస్తారు, లెక్కల సార్ ఫేజ్ షిఫ్ట్ అని 1 ని చూపిస్తారు. మొదటిది రేడియన్లలో ఉన్న కోణం, రెండోది అడ్డ అక్షం మీద కొలిచిన దూరం. మొదటిదాన్ని t గుణకంతో భాగిస్తే రెండోది వస్తుంది. పేర్లు దగ్గరగా ఉండడం పిల్లల తప్పు కాదు.

సరిచూసుకునే పద్ధతి గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఆమె తన రెండో ప్రయత్నపు సమీకరణంలో t = 3 ప్రతిక్షేపించి 4.93 రాగానే, గ్రాఫులో 5 ఉంది కదా, సరిపోయిందనుకుంది. శిఖరం దగ్గర వక్రం దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి షిఫ్టులో కొద్దిపాటి తప్పు అక్కడ పైకి కనిపించదు. అదే సమీకరణంలో t = 1 పెడితే 2 రావలసిన చోట 1.36 వస్తుంది. వక్రం నిటారుగా లేచే మధ్యరేఖ దగ్గరే పరీక్షించాలి. చేత్తో గీసిన గ్రాఫులో శిఖరం స్థానాన్ని కంటితో గుర్తించడం కూడా ఇందుకే నమ్మదగినది కాదు. దానికి అటూ ఇటూ వక్రం మధ్యరేఖను దాటే 1, 5 ల సగటు తీసుకుంటే 3 కచ్చితంగా వస్తుంది.

ఇంకో చిన్న మాట. కీలో y = 3 cos( (π/4)(t − 3) ) + 2 అని ఉంటే ఆమె సరైన జవాబును కొట్టేయకూడదు. కొసైన్ అలను శిఖరం నుంచి లెక్కిస్తారు కనుక అక్కడ షిఫ్ట్ 3 అవుతుంది; రెండూ ఒకే వక్రం.

ల్యాబులో ఇదే అల కనిపించినప్పుడు ఆ +2 ను డీసీ ఆఫ్‌సెట్ అంటారు, ఆసిలోస్కోపు కప్లింగ్‌ను ఏసీకి మారిస్తే అల మధ్యరేఖ సున్నా గీత మీదికి దిగుతుంది. అప్పుడు అక్షాన్ని చూసినా మొదలు సరిగానే దొరుకుతుంది. డీసీ కప్లింగ్‌లో ఉంటే మాత్రం ముందు మధ్యరేఖ గీసుకోక తప్పదు.