క్రారవడి పోయిన పుస్తకం గురించి

చిత్తూరు

చిరంజీవి అబ్బోడికి అత్త ఆశీస్సులు.

జేజినాయన రాసిన గుడి చరిత్రను మళ్లీ అచ్చు వేయిస్తా ఉండావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు దొరికినాయంట, యూనికోడ్‌లోకి మార్చినావంట. వత్తులు ఎగిరిపోయినా నేను గడగడా చదివేస్తాను, జాతరలోపల సరిచేసేస్తానని కూడా అన్నావంట. సంతోషంగానే ఉండాది గానీ, ఆ గడగడా అనే మాటకే నాకు నిద్ర పట్టలేదు.

మొదట చేయాల్సినవి నీకు తెలిసినవే. అసలు ఫైలును ముట్టుకోకుండా ఇంకోచోట దాచిపెట్టు. బంధువుల ఇళ్లల్లో పాత అచ్చు ప్రతి ఒక్కటైనా ఉందేమో అడుగు. అది దొరికితే ఈ ఉత్తరం చింపేయొచ్చు.

దొరక్కపోతే, పోయింది అక్షరమా, లేక తెర మీద కనబడటమేనా అన్నది తేల్చుకో. ‘చంద్రగిరి’ అని నువ్వే సరిగ్గా టైపు చేసి ఫైల్లో వెతికించు. తెర మీద వత్తు విడిపోయి, పొల్లు బయటపడి ఎంత వికారంగా కనిపించినా సరే, వెతుకులాటలో దొరికిందంటే ద, పొల్లు, ర మూడూ లోపల భద్రంగా ఉన్నట్టే. ఫాంటు మార్చుకో, అక్షరాలను కదిలించొద్దు. అట్ల కాకుండా ‘చందగిరి’ అని కొడితేనే దొరికితే నిజంగా పోయినట్టు.

నువ్వు పంపిన మూడు పేజీలు అద్దాలు పెట్టుకుని చూసినా. ఊర్ల పేర్లతో మొదలుపెట్టినా, ఎందుకంటే వాటిల్లో మనకు అనుమానం ఉండదు. చిన్నగొట్టిగల్లులో న వత్తు, ట వత్తు, ల వత్తు మూడూ ఉన్నాయి. పుత్తూరు బాగుంది, సత్యవేడు బాగుంది. చంద్రగిరి మాత్రం చందగిరి అయింది, శ్రీకాళహస్తి శీకాళహస్తి అయింది. అంటే నీ పుస్తకంలో పోయింది ఒక్క క్రారవడే.

ఆ కాలపు ఫాంట్లలో అక్షరాలుండవురా, ముక్కలుంటాయి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒక్కో వత్తు ఒక్కో ముక్క. ఒక్కో ముక్కా ఇంగ్లీషు అక్షరమో, ఏదో గుర్తో ఉండాల్సిన గదిలో కూర్చుని ఉంటుంది. ఫైలు మార్చేటప్పుడు మామూలు అక్షరాల గదులకేమీ కాదు. కొన్ని గదులను మాత్రం కంప్యూటరు ఖాళీ చోటుగానో, కనబడని హైఫనుగానో లెక్కేసి దాటేస్తుంది. అందుకే పోయిన ముక్క అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా పుస్తకమంతటా పోతుంది. కొన్ని ఫాంట్లలో క్రారవడి రెండు మూడు ఆకారాల్లో ఉంటుంది, ఒకటి పోయి ఇంకొకటి మిగలొచ్చు. ప్ర, త్ర, ద్ర, గ్ర విడివిడిగా చూసుకో.

ఇప్పుడు నా భయం చెప్తా. గామం, పజలు, నిద, మంతం ఇవన్నీ మొండి మాటలు. కంట్లో గుచ్చుకుంటాయి, వాటంతటవే దొరికిపోతాయి. కింద, తాగు, బతుకు లాంటివి క్రారవడి పోయినా మంచి మాటలే. జేజినాయన ‘క్రింద’ అని రాసే మనిషి, ఆయన ఉత్తరాలు మీ నాయన దగ్గర ఉన్నాయి, చూసి ఆయన పద్ధతే ఉంచు. ఇక మిగిలింది దొంగలు: రాత్రి పోయి రాతి, పాత్ర పోయి పాత, ప్రతి పోయి పతి. ఇవి మనిషి వేషంలోనే తిరుగుతాయి.

నేను తిరుపతిలో ప్రెస్సులో ప్రూఫులు చూసేటప్పుడు పక్కనే ఇంకో ప్రెస్సు ఉండేది, పేరెందుకులే. ఒక ఊరి కుంభాభిషేకం పుస్తకం వాళ్ల చేతికి వచ్చింది, నీకొచ్చిన జబ్బే దానికీ వచ్చింది. డీటీపీ చేసే పిల్లోడు తెలివిగా ‘పతి’ ఉన్నచోటల్లా ‘ప్రతి’ అని, ‘రాతి’ ఉన్నచోటల్లా ‘రాత్రి’ అని ఒకే దెబ్బకు మార్చేసినాడు. తెల్లారి చూస్తే తిరుపతి కాస్తా తిరుప్రతి అయింది, గణపతి గణప్రతి, దాతల్లో ఉన్న లక్ష్మీపతి లక్ష్మీప్రతి. నవ్వుకుని అవన్నీ దిద్దుకున్నారు. రాతి మంటపం రాత్రి మంటపం అయింటే అదీ దిద్దుకున్నారు. ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని, కంటికి తప్పుగా కనిపించినవే మార్చుదామని తీర్మానించుకున్నారు. అక్కడే దెబ్బ తిన్నారు.

దాతల పట్టికలో ఒకావిడ అన్నదానానికి కొత్త ఇత్తడి గుండిగలు, గంగాళాలు చేయించి ఇచ్చింది. ‘వంట పాత్ర సామాను’ అని ఉండాల్సింది ‘వంట పాత సామాను’ అని పడింది. వాక్యం నున్నగా ఉంది కదా! ముగ్గురు చదివినారు, ముగ్గురూ దాటేసినారు. పుస్తకం ఊళ్లో పంచినాక ఆవిడ ప్రెస్సు గుమ్మంలో నిలబడి, నా మొగుడు పోయినాక గాజులమ్మి చేయించినాను, పాత సామాన్లోడికి వేసే సరుకు ఇచ్చినానా నేను అని అడిగింది. ప్రెస్సాయన అంటించడానికి చీటీలు అచ్చు వేసిచ్చినాడు గానీ, పంచిన పుస్తకాలు ఎవరు వెనక్కి తెస్తారు?

బయటికి చదివితే తెలుస్తుందిలే అనుకోవద్దు. మన నోట్లో క్రారవడి ఎప్పుడో జారిపోయింది, పసాదం అన్నా ప్రసాదమనే వింటాము. పద్యాల్లో కొంత సాయం ఉంది. ‘నిద’ రెండు లఘువులు, ‘నిద్ర’ గురువు, లఘువు. గణం చెడిందంటే అక్కడేదో పోయిందని పద్యమే చెప్తుంది. కానీ పాత, పాత్ర రెండూ గురువు, లఘువే. రాతి, రాత్రి కూడా అంతే. అసలు దొంగల దగ్గర ఛందస్సు చేతులెత్తేస్తుంది.

కాబట్టి నువ్వు చేయాల్సిందేమంటే, రాతి, పాత, పతి, మాత, వాత, కూర ఇట్లాంటి మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకో. ‘వ్రాత’ వాత అవుతుంది, ‘క్రూర’ కూర అవుతుంది, చదివే కొద్దీ ఇంకా తగుల్తాయి. ఒక్కో మాటనూ వెతికించి, ప్రతిచోటా ఆగి, ముందు వాక్యం, వెనక వాక్యం చదివి చేత్తో దిద్దు. అన్నీ ఒకేసారి మార్చే బటన్ జోలికి పోవద్దు. ‘రాతంతా’ అన్నట్టు సంధిలో దాక్కున్నవి ‘రాతి’ అని వెతికితే దొరకవు, అందుకని ‘రాత’ వరకే కొట్టు. తేలనిచోట ఊహించి వత్తు పెట్టొద్దురా నాయనా. పక్కన నక్షత్రం గుర్తు పెట్టి వదిలేయ్. నువ్వు తెలివిగా పెట్టిన తప్పు వత్తును నీ తర్వాత ఎవరూ అనుమానించరు.

పొద్దుటి పూట కూర్చో. ఆఫీసు నుంచి వచ్చి, సంగటి తిని, పన్నెండింటిదాకా తెర ముందు కూర్చుంటే కళ్లు లేనిది చదువుతాయి. జేజినాయనకు ఉన్న కళ్లే నీకూ వచ్చినాయి, యాభై ఏళ్లకే ఆయన భూతద్దం పట్టినాడు.

దాతల పట్టిక మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. పదహారు పాయింట్లలో, వరసకూ వరసకూ మధ్య చోటు వదిలి ప్రింటు తీసి, వచ్చే ఆదివారం మీ నాయన చిత్తూరుకు వస్తాడు కదా, ఆయన చేతికివ్వు. ఆ పేర్లలో సగంమంది నాకు తెలుసు. తెలియనివాళ్ల ఇంటికి నేనే మనిషిని పంపి అడిగిస్తా.

మీ అత్త