ఇల్లు అప్పగించండి, అప్పు చేసే అధికారం కాదు

ప్రశ్న: నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రాజమహేంద్రవరంలో నాన్నగారు కట్టిన డాబా ఇల్లు ఆయన తర్వాత నాకు వచ్చింది. అమ్మ అంతకుముందే పోయింది, నేను ఒక్కడినే సంతానం. ఇల్లు చూసుకుని అద్దెకు ఇవ్వడానికి చిన్నాన్న కొడుకు ఒప్పుకున్నాడు. నెలకు రూ.18,000 వస్తుందంటున్నాడు. శ్లాబు కారుతోందని, మరమ్మతులకు నాలుగు లక్షలు కావాలని, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అద్దెలోంచి తీర్చేస్తానని చెబుతున్నాడు. అందుకోసం ‘అవసరమైతే అప్పు తీసుకోవడానికి, ఇంటిని హామీగా పెట్టడానికి అధికారం ఇస్తున్నాను’ అనే వాక్యం చేర్చి ఉత్తరం పంపమంటున్నాడు. సంతకం చేసి వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?

జవాబు: ఆ వాక్యంతో సంతకం పెట్టకండి. వాట్సాప్‌లోనే కాదు, కాన్సులేట్ ముద్రతో కూడా వద్దు. మీ తమ్ముడి నిజాయితీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఊళ్లో ఉండి, తన పనులు మానుకుని మీ ఇంటి కోసం తిరిగే మనిషి దొరకడం మీ అదృష్టం. కానీ విదేశాల్లో ఉన్నవారు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. బంధువు చేతికి అధికారం ఇస్తారు, డబ్బు ఇవ్వరు. చేతిలో డబ్బు లేని మనిషికి ఇంట్లో నీళ్లు కారుతుంటే తోచేది అప్పే. మీ ఉత్తరంలోకి ఆ వాక్యం వచ్చిన దారి ఇదే.

ఆ అప్పు అద్దెతో తీరుతుందేమో లెక్క వేద్దాం. మీరు ప్రవాసులు కాబట్టి, ఇప్పుడున్న నిబంధనల ప్రకారం అద్దెదారు మీకు ఇచ్చే అద్దెలో సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ కోయాలి. అద్దె ఎంత చిన్నదైనా మినహాయింపు లేదు. రూ.18,000లో రూ.5,616 అలా పోతే చేతికి వచ్చేది రూ.12,384. నాలుగు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రూ.8,000. అసలుకు జమ అయ్యేది మొదటి నెలలో రూ.4,384 మాత్రమే. ఇల్లు ఒక్క నెల కూడా ఖాళీ పడకుండా, మరో మరమ్మతు రాకుండా, వచ్చిన అద్దె మొత్తం అప్పుకే కట్టినా తీరడానికి నాలుగేళ్లు దాటుతుంది. వడ్డీకే దాదాపు రెండున్నర లక్షలు పోతాయి. వడ్డీ వ్యాపారి అసలు తగ్గించి లెక్క కడితేనే ఈ మాత్రం. అద్దె ఇంటి మీద ఏడాదికి 24 శాతం వడ్డీకి అప్పు చేయడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

ఇక ఆ అప్పు ఎవరిది? మీరు ఇచ్చిన అధికారం పరిధిలో ఏజెంటు చేసిన పని మీరే చేసినట్టు లెక్క అని కాంట్రాక్టు చట్టం చెబుతుంది. నోటు మీద సంతకం అతనిది కావచ్చు, బాకీ మీది. ఇంటిని హామీ పెట్టే అధికారం కూడా ఇస్తే అసలు దస్తావేజులు వేరొకరి బీరువాలోకి వెళ్లడానికి మీరే దారి వేసినట్టు. ఆరు నెలలకోసారి ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఈసీ తీసి చూసుకుంటానని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. రిజిస్టర్ అయిన తనఖా ఈసీలో కనిపిస్తుంది గానీ, ప్రామిసరీ నోటు మీద తెచ్చిన అప్పు అందులోకి రాదు.

ఆ వాక్యం తీసేసి ఊరుకున్నా చాలదు. అత్యవసర పరిస్థితిలో యజమానికి నష్టం జరగకుండా, వివేకం గల మనిషి తన సొంత విషయంలో చేసే పనులన్నీ ఏజెంటు చేయవచ్చని కాంట్రాక్టు చట్టం 189వ సెక్షన్ అధికారం ఇస్తోంది. వానాకాలంలో శ్లాబు పెచ్చులూడి పడుతుంటే అత్యవసరం కాదని తర్వాత వాదించడం కష్టం. అందుకే పత్రంలో అప్పు గురించి మౌనంగా ఉండకుండా, నిషేధాన్ని స్పష్టంగా రాయాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ అత్యవసరం వచ్చిన రోజు అతను చేయి చాచాల్సిన అవసరం లేకుండా ఇంటికంటూ ఒక నిధి ఉండాలి.

ఆ నిధి ఎంత అంటే, పాత డాబా ఇంటికి నేను ఏడాది అద్దెంత చెబుతాను. మీ విషయంలో రూ.2,16,000. అద్దెదారు సామాను దించక ముందే ఇది సిద్ధంగా ఉండాలి, నెలనెలా అద్దెలోంచి కూడబెడదామనుకుంటే కుదరదు. మోటారు కాలిపోవడం, సెప్టిక్ ట్యాంకు పొంగడం, గోడలోపలి వైరింగ్ మార్చాల్సి రావడం, ఇవేవీ నెలాఖరు దాకా ఆగవు. పైగా టీడీఎస్‌గా కోసిన సొమ్ము మీకు ఆ నెల దొరకదు. ఏడాది రూ.2,16,000 అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను, ఆపై 30 శాతం తగ్గింపు తీసేస్తే పన్ను లెక్కకు వచ్చేది లక్షన్నర లోపే. భారత్‌లో మీకు వేరే ఆదాయం లేకపోతే ఇది పన్ను పరిధికి కిందే ఉంటుంది కాబట్టి, కోసిన రూ.67,392 వాపసు వస్తుంది. కానీ ఆర్థిక సంవత్సరం ముగిసి, మీరు రిటర్ను వేశాకే. అప్పటిదాకా ఇంటి ఖర్చులు ఆగుతాయా? ఆ లోటును మోసేది నిధే. (ఈ అద్దెను అమెరికా రిటర్నులో కూడా చూపించాలి, మరచిపోకండి.)

నిధిని మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోనే చిన్న చిన్న డిపాజిట్లుగా విడగొట్టి ఉంచండి. యాభై వేలు కావాల్సి వస్తే ఒకటి రద్దు చేస్తే చాలు, మొత్తం కదిలించనక్కర్లేదు. మీ తమ్ముడి దగ్గర రూ.15,000 చేతిఖర్చుగా ఉంచి, బిల్లుల ఫోటోలు పంపినప్పుడల్లా అంత మొత్తం తిరిగి నింపండి. రూ.5,000 దాటితే ఫోను చేయాలి, రూ.25,000 దాటితే ఇద్దరు మేస్త్రీల అంచనాలు పంపాలి అని ముందే అనుకోండి. ఇలా చేస్తే అతని జేబులోంచి ఒక్క రూపాయీ పోదు, ఎవరినీ అడగాల్సిన పనీ పడదు.

అద్దెదారు ఇచ్చే అడ్వాన్సును ఈ నిధిలో కలపకండి. అది మీ డబ్బు కాదు, ఖాళీ చేసిన రోజున తిరిగి ఇవ్వాల్సినది. రెండు నెలల అడ్వాన్సు తీసుకుంటే ఆ రూ.36,000 విడిగా డిపాజిట్ చేయండి. మూడు నాలుగు లక్షలు ఒకేసారి అడ్వాన్సుగా ఇస్తాం, అద్దె తగ్గించండి అని ఎవరైనా అడిగితే అది కూడా అప్పే. మరమ్మతులకు ఆ సొమ్ము వాడేశాక, అతను ఖాళీ చేస్తానన్న రోజున ఎక్కడి నుంచి తెస్తారు?

ఇప్పటి నాలుగు లక్షల మరమ్మతు మాత్రం అత్యవసర నిధి నుంచి పెట్టేది కాదు. అది ముందే తెలిసిన ఖర్చు. మీ జీతంలోంచి, విడతలుగా పంపండి. మొదటి విడతలో శ్లాబు మీద నీరు నిలవకుండా వాలు సరిచేయించి, పగుళ్లు మూయించి, లీకు ఆపే పని చేయించండి. ఒక వాన పడి, కారడం ఆగిందని చూశాక లోపలి ప్లాస్టరింగ్, రంగులు. తడి ఆరని గోడకు రంగు వేస్తే మళ్లీ పెచ్చులే. నాలుగు లక్షల అంచనాలో అద్దెకు ఇవ్వడానికి నిజంగా అవసరమైనదెంత, సోకులెంత అన్నది ఒక సివిల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి చూపిస్తే తేలిపోతుంది.

ఇప్పుడు పత్రం సంగతి. అంతకంటే ముందు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంతో నగరపాలక సంస్థ ఇంటి పన్ను రికార్డులో మీ పేరు ఎక్కించుకోండి. నాన్నగారి పేరు మీదే ఉన్న ఇంటికి మీరు ఇచ్చే అధికారాన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చు. (తోబుట్టువులు ఉన్న పాఠకులు గమనించండి, మీ ఒక్కరి సంతకం మీ వాటాకే పనిచేస్తుంది. వారసులందరూ సంతకం చేయాలి.)

మామూలు ఉత్తరంతో కరెంటు బిల్లు కట్టవచ్చేమో గానీ, సబ్ రిజిస్ట్రార్ ముందు అద్దె ఒప్పందం మీ తరఫున దాఖలు చేయాలంటే నోటరీ లేదా భారత కాన్సులేట్ ఎదుట సంతకం చేసి ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి మీకు హ్యూస్టన్ కాన్సులేట్, లేదా అక్కడి నోటరీ, ఆపై ఆ పత్రం విదేశంలో చెల్లేలా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అపోస్టిల్ ధ్రువీకరణ. అసలు ప్రతిని కొరియర్‌లో పంపండి. అది భారత్ చేరిన మూడు నెలల్లోపు ఇక్కడి స్టాంపు సుంకం కట్టించాలి. ఈ గడువు దాటించుకుని తర్వాత తిరిగేవారు చాలామంది.

పత్రంలో అసలు భాగం ఇలా ఉండవచ్చు:

‘పై ఇంటిని 11 నెలలకు మించని గడువుకు అద్దెకు ఇవ్వడానికి, ఒప్పందంపై నా తరఫున సంతకం చేసి అవసరమైతే రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయడానికి, ఇంటి పన్ను, నీటి, కరెంటు బిల్లులు కట్టడానికి, ఆయా కార్యాలయాల్లో నా తరఫున హాజరు కావడానికి, నేను సమకూర్చిన సొమ్ము మేరకు మరమ్మతులు చేయించడానికి అధికారం ఇస్తున్నాను. అద్దె, అడ్వాన్సు నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో మాత్రమే జమ కావాలి. ఇంటిని అమ్మడానికి, దానం చేయడానికి, తనఖా పెట్టడానికి, అత్యవసర పరిస్థితిలో సైతం నా పేరున గానీ ఇంటి పేరున గానీ అప్పు తీసుకోవడానికి, ఈ అధికారాన్ని మరొకరికి బదిలీ చేయడానికి అధికారం లేదు. ప్రతి నెలా లెక్క అప్పగించాలి. ఈ పత్రం ఏడాది పాటే చెల్లుతుంది.’

దీన్ని స్థానిక న్యాయవాదికి చూపించి సర్వే నంబరు, హద్దులు, డోర్ నంబరు చేర్పించండి. అద్దె మీ తమ్ముడి ఖాతాలో పడేలా చేసి టీడీఎస్ తప్పించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ జమలు ఎక్కడివని పన్ను శాఖ అడిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతను. టీడీఎస్ కోయడానికి ట్యాన్ అనే ప్రత్యేక నంబరు తీసుకోవాలనే సంగతిని అద్దెదారుకు ఒప్పందానికి ముందే చెప్పండి. ఇష్టపడనివారు ముందే తప్పుకుంటారు. తక్కువ శాతం కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం కూడా తెచ్చుకోవచ్చు.

ఇంటికి బీమా చేయించండి, ఖాళీగా ఉండే కాలానికి ఉన్న షరతు చదివి మరీ. అద్దె నిర్వహణ సంస్థలకు అప్పగించడం, ఇల్లు అమ్మేయడం కూడా ఆలోచించదగినవే గానీ, నమ్మకమైన మనిషి ఉండగా ఇప్పుడు ఆ తొందర అక్కర్లేదు.

మీ తమ్ముడికి ఏడాదికి ఒక నెల అద్దె పారితోషికంగా ఇస్తానని మీరే ముందుగా చెప్పండి. అసలు దస్తావేజులు మాత్రం అతనికి ఇవ్వకండి. అద్దెకు ఇవ్వడానికి జిరాక్సులు సరిపోతాయి. ఈసారి ఊరు వచ్చినప్పుడు వాటిని మీ పేరున ఉన్న బ్యాంకు లాకర్‌లో పెట్టి, తాళం చెవి వెంట తీసుకెళ్లండి.